తగ్గాక కూడా రాయాల్సిన మందు

ముక్కు రెక్క చెంపను కలిసే గీతలో సన్నటి పొట్టు. వేలితో గీకితే జిడ్డుగా, పసుపు పచ్చగా గోటికి అంటుకుంటుంది. అలాంటిదే కనుబొమల వెంట్రుకల మధ్య, రెండు బొమల నడుమ, ఒక్కోసారి చెవి వెనకాల కూడా కనిపిస్తుంది. దురద కొద్దిగానే ఉంటుంది, అదీ చెమట పట్టినప్పుడు. అద్దంలో చూసుకుంటే మాత్రం మనసు పాడవుతుంది. దీన్ని డాక్టర్లు సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. మనం చుండ్రు అని పిలిచేదానికి ఇది తోబుట్టువు. తలలో ఉంటే చుండ్రు, ముఖం మీదికి దిగి చర్మాన్ని రేపితే ఇది. పెద్దవాళ్ళలో ముప్ఫైల నుంచి యాభైల దాకా ఎక్కువగా చూస్తాం. ఆడవాళ్ళలో కంటే మగవాళ్ళలో ఎక్కువ.

డెర్మటాలజీ పుస్తకాల బొమ్మల్లో ఇది ఎర్రగా ఉంటుంది. ఆ బొమ్మలు తెల్లతోలువాళ్ళవి. మన చామనఛాయ ముఖం మీద ఆ ఎరుపు సరిగ్గా కనపడదు. దానికి బదులు ముక్కు పక్కన, నుదుటి మీద చర్మం రంగు కాస్త పలచబడి, పాలిపోయిన మచ్చలా కనిపిస్తుంది. అమలాపురంలోనైనా రాజోలులోనైనా ఇంట్లోవాళ్ళ గుండెల్లో రాయి పడేది ఇక్కడే. ఒకరికి బొల్లి అనుమానం, ఇంకొకరికి పైకి చెప్పుకోలేని కుష్ఠు అనుమానం. పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. బొల్లి మచ్చ సుద్దలా తెల్లగా, అంచులు తేటగా ఉంటుంది, దాని మీద పొట్టు రాలదు. ఇది పూర్తిగా తెల్లబడదు, రంగు తగ్గుతుందంతే, పైన పొట్టు ఉంటుంది. కుష్ఠు మచ్చలో చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది. కళ్ళు మూసుకుని దూదిపింజతో మచ్చను, పక్కనున్న మామూలు చర్మాన్ని మార్చి మార్చి తాకించుకుంటే ఆ తేడా తెలిసిపోవచ్చు. అయితే ముఖం మీది మచ్చల్లో స్పర్శ అంత తేలిగ్గా పోదు. అందుకే స్పర్శ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. పొట్టు లేని పాలిపోయిన మచ్చ, కనుబొమ బయటి కొస నుంచి వెంట్రుకలు రాలిపోవడం, చెవి తమ్మెలు దళసరెక్కడం, వీటిలో ఏది కనిపించినా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఒకవేళ కుష్ఠే అయినా మందు ఉచితం, నయమవుతుంది.

ఎక్కడి నుంచి వస్తుంది

ఈ జబ్బు ఎవరి దగ్గర నుంచీ అంటుకోదు. మంగలి షాపు తువ్వాలు వల్లా రాదు, భార్యాభర్తల మధ్యా పాకదు. మలసీజియా అనే ఒక రకం ఈస్ట్ మనందరి చర్మం మీదా కాపురం ఉంటుంది. పుట్టిన కొద్ది వారాలకే చేరి, చివరిదాకా ఉంటుంది. దానికి ఒక లోటు ఉంది. బతకడానికి కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేదు. 2007లో దాని జన్యుపటం బయటపడినప్పుడు, ఆ పని చేసే జన్యువే దానిలో లేదని తేలింది. అందుకే మన చర్మం చిమ్మే జిడ్డు మీద ఆధారపడుతుంది. జిడ్డు గ్రంథులు ఒత్తుగా ఉండే చోట్లు ఏవి? తల, కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల చుట్టూ, రొమ్ము నడిమి భాగం. జబ్బు కూడా సరిగ్గా ఆ చోట్లనే కనిపిస్తుంది.

ఈ ఈస్ట్ జిడ్డును విరగ్గొట్టి తనకు కావలసింది తిని, మిగిలినదాన్ని చర్మం మీదే వదిలేస్తుంది. ఆ మిగులులో ఓలియిక్ ఆమ్లం ముఖ్యమైనది. చుండ్రు తత్వం ఉన్నవాళ్ళ తల మీద ఉత్త ఓలియిక్ ఆమ్లం రాసినా పొట్టు రాలుతుందని, ఆ తత్వం లేనివాళ్ళకు ఏమీ కాదని పరిశోధకులు పరీక్షించి చూశారు. అంటే ఈస్ట్ అందరికీ ఉంది, ఆమ్లం అందరి చర్మం మీదా తయారవుతోంది, కొందరి చర్మమే దానికి రేగుతోంది. ఆ రేగే గుణం మన ఒంటి తీరు. దాన్ని ఏ క్రీమూ మార్చలేదు.

మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం ఇదే. యాంటీఫంగల్ క్రీమ్ ఈస్ట్ సంఖ్యను బాగా తగ్గిస్తుంది, సున్నా చేయదు. చేసినా నాలుగు రోజుల్లో పక్క చర్మం నుంచి, తల నుంచి మళ్ళీ చేరుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుర్రపు డెక్క ఎంత తీయించినా, నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకు లాకుల దగ్గర మళ్ళీ పచ్చగా పరుచుకుంటుంది కదా, అలాంటిదే ఇదీ. తీయించడం దండగ అని ఎవరూ అనరు, కానీ ఒక్కసారి తీస్తే సరిపోతుందని కూడా ఎవరూ అనుకోరు. ముఖం విషయంలో మాత్రం ఒక ట్యూబు అయిపోగానే జబ్బు కూడా అయిపోవాలని ఆశిస్తాం. మళ్ళీ కనిపించగానే మందు పనిచేయలేదని తీర్మానించి ఇంకో మందుకు మారతాం. చాలామంది ముఖాలు పాడవడం ఆ మార్పు దగ్గరే మొదలవుతుంది.

మందుల షాపు గట్టు మీద

ఒక మనిషిని ఊహించుకుందాం. కొత్తపేటలో ఎరువుల కొట్టు నడుపుతాడు, వయసు 36. డిసెంబరులో ముక్కు పక్కన పొట్టు మొదలైంది. మెడికల్ షాపుకు వెళ్ళి, "ఏవండీ, ముక్కు పక్కన ఎలర్జీలా వచ్చిందండి, ఏదైనా ట్యూబు ఇవ్వండి" అన్నాడు. షాపాయన ఒక ట్యూబు ఇచ్చాడు. మూడు రోజుల్లో ముఖం అద్దంలా అయిపోయింది. రాయడం మానేశాడు. పది రోజులకు మళ్ళీ వచ్చింది. "మొన్న ఇచ్చిందే ఇవ్వండి, భలే పనిచేసిందండి." ఇలా వేసవి దాటింది. ఇప్పుడు ఒక్కరోజు రాయకపోతే చెంపలు మండుతున్నాయి. ఎండలోకి వెళ్తే కారం పూసినట్టు ఉంటోంది. ముక్కు మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. మొటిమల వయసు దాటిపోయాక మొటిమలు వస్తున్నాయి.

ఆ ట్యూబులో ఉన్నది నాలుగు మందుల మిశ్రమం: ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్, మరొక బాక్టీరియా మందు, వీటితో పాటు క్లోబెటసాల్. మూడు రోజుల మహిమంతా ఆ క్లోబెటసాల్‌ది. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన వర్గం అది. అరచేతి మందపు చర్మానికి, మొండి సోరియాసిస్‌కు పనికొచ్చే మందును ముఖం మీది పలచటి చర్మానికి నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, లోపలి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మందు ఆపగానే అణిగి ఉన్న వాపంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది చూసి మళ్ళీ రాస్తాడు. మన దేశపు చర్మ వైద్యులు ఈ స్థితికి 2008లోనే ఒక పేరు పెట్టారు: స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం. 2011లో మన దేశంలోని 12 కేంద్రాల్లో ముఖం మీద జబ్బుతో వచ్చిన 2926 మందిని పరీక్షించిన అధ్యయనం వెలువడింది. వాళ్ళలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్ళే. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. సగానికి పైగా వాటిని డాక్టరు చెప్పకుండానే మొదలుపెట్టారు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. జాబితా ఢిల్లీలో మారినంత వేగంగా షాపు గట్టు మీద అలవాటు మారదు. అందుకే ట్యూబు మీద అక్షరాలు మీరే చదవాలి.

చదవడానికి ఒక చిన్న గుర్తు ఉంది. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లుటికసోన్ వంటివి స్టెరాయిడ్లు. పేరు చివర సోన్ అనో సాల్ అనో వస్తే ఆగి అడగండి. కీటోకొనజోల్, క్లోట్రిమజోల్, లులికొనజోల్ లాగా జోల్‌తో ముగిసేవి చాలావరకు యాంటీఫంగల్స్. ఆర్నిడజోల్ ఒకటి దీనికి మినహాయింపు, అది బాక్టీరియా మందు. ఇంకో తిరకాసు కూడా చూసుకోవాలి. మీకు తెలిసిన క్రీమ్ పేరు వెనకే ఒక అక్షరమో రెండక్షరాలో చేరితే లోపల స్టెరాయిడ్ చేరి ఉండవచ్చు. పెట్టె మీద పెద్దక్షరాల పేరు కాకుండా, కింద సన్నక్షరాల్లో ఉన్న మందుల వరస చూడండి. అందులో ఒకే ఒక్క మందు పేరు ఉండాలి.

ఆ ఒక్క మందు ఎలా రాయాలి

మన కొత్తపేట మనిషి ముందు చేయాల్సింది మిశ్రమం ట్యూబును వదిలించుకోవడం. కొన్ని వారాలే వాడి ఉంటే వెంటనే ఆపేయవచ్చు. ఆయనలా నెలల తరబడి వాడితే అమలాపురంలోనో కాకినాడలోనో చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళి ఆపాలి. ఆ వైద్యుడు బలహీనమైన స్టెరాయిడ్‌కు దించుకుంటూ వస్తాడు, లేదా టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని మందు ఇస్తాడు. ఆపాక మొదటి రెండు మూడు వారాలు ముఖం ముందటికంటే ఘోరంగా ఉంటుందని ముందే తెలిసి ఉండాలి. తెలియనివాళ్ళు సరిగ్గా ఆ వారాల్లోనే పాత ట్యూబు కోసం మళ్ళీ షాపుకు వెళ్తారు.

అసలు జబ్బుకు మందు కీటోకొనజోల్ 2 శాతం క్రీమ్. రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు. ముఖం కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక రాయాలి. రెండు ముక్కు పక్కలకూ, రెండు బొమలకూ కలిపి ఒక బఠాణీ గింజంత చాలు. అది దాదాపు పావు గ్రాము. రోజుకు అర గ్రాము చొప్పున నాలుగు వారాలకు 14 గ్రాములు, అంటే 15 గ్రాముల ట్యూబు ఒకటి. ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, నాలుగు వారాలైనా ట్యూబులో సగం మిగిలిందంటే మందు పనిచేయలేదని అనకండి, మీరు మందు రాయలేదు. పొట్టు కనపడే గీత మీదే కాక చుట్టూ ఒక వేలి వెడల్పు మేర రాయాలి. కనుబొమల దగ్గర చాలామంది వెంట్రుకల మీద రాసి వదిలేస్తారు. వెంట్రుకలను వేలితో ఎదురు దువ్వి, మందును కింద చర్మానికి చేర్చాలి.

బొమలకు, గడ్డానికి క్రీమ్ కంటే షాంపూ తేలిక. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ నురగను తలకు పట్టించి, అదే నురగను కళ్ళు మూసుకుని బొమలకూ ముక్కు పక్కలకూ రాసి, ఐదు నిమిషాలు ఉంచి కడిగేయాలి. వారానికి రెండుసార్లు. ఉంచే నిమిషాలే ఇక్కడ మందు. రాసి వెంటనే నీళ్ళు పోసేసుకుంటే డబ్బు కాలవలో పోసినట్టే. ముఖం మీద మాత్రమే జబ్బు ఉన్నవాళ్ళు కూడా తలకు వాడాలి, ఎందుకంటే ముఖానికి దిగే ఈస్ట్‌కు తల పెద్ద నిల్వ.

క్రీమ్‌కు స్టెరాయిడ్ వేగం ఉండదు. మూడో రోజు అద్దంలో ఏమీ కనపడదు. మొదటి వారంలో దురద తగ్గుతుంది, రెండో వారంలో పొట్టు, మూడు నాలుగు వారాల్లో మంట, ఎరుపు. మంట మరీ ఎక్కువగా ఉంటే మొదటి ఐదారు రోజులు హైడ్రోకార్టిసోన్ 1 శాతం తోడుగా ఇవ్వడం వైద్యులకు అలవాటే. అది స్టెరాయిడ్లలో అన్నిటికంటే మెత్తనిది, అదీ కొద్ది రోజులకే. 2015లో కొక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు, జబ్బు తగ్గించడంలో కీటోకొనజోల్, స్టెరాయిడ్లు దాదాపు సమానమని, ఇబ్బందులు మాత్రం కీటోకొనజోల్‌కు బాగా తక్కువని తేలింది. అంటే నెల తిరిగేసరికి ఏ మందు రాసినవాళ్ళయినా ఒకే చోటికి చేరతారు. స్టెరాయిడ్ రాసినవాళ్ళు మొదటి మూడు రోజుల్లో ముందుంటారు, అంతే.

రంగు గురించి ఒక మాట. పొట్టు, దురద పోయాక కూడా పాలిపోయిన మచ్చ నెలా రెండు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అది జబ్బు కాదు, చర్మం మళ్ళీ రంగు పట్టించుకునే సమయం. దాన్ని చూసి మందు పెంచక్కర్లేదు, మార్చక్కర్లేదు. వేలితో తడిమితే చర్మం నున్నగా ఉందా అన్నదే చూడండి.

ఐదో వారం

ఇక అసలు సంగతికి వద్దాం. నాలుగు వారాలు అయిపోయాయి, ముఖం బాగుంది. ఇక్కడ అందరూ ట్యూబుకు మూత పెట్టేస్తారు. తల చుండ్రు మీద 1995లో వెలువడిన ఒక పరీక్ష ఈ మూత ఖరీదెంతో చెబుతుంది. కీటోకొనజోల్ షాంపూతో తగ్గినవాళ్ళను మూడు గుంపులు చేసి ఆరు నెలలు గమనించారు. మందు లేని షాంపూ వాడిన గుంపులో 100కి 47 మందికి తిరగబెట్టింది. వారం విడిచి వారం మందు షాంపూ వాడిన గుంపులో 31 మందికి. ప్రతి వారం ఒక్కసారి వాడినవాళ్ళలో 19 మందికి. వారానికి ఒక్కసారి, ఐదు నిమిషాలు. తేడా అంతా దాన్లో ఉంది. అయినా 19 మందికి తిరగబెట్టిందన్న సంగతి కూడా చూడాలి. ఇది తగ్గించే పద్ధతే గాని వేళ్ళతో పెకలించే పద్ధతి కాదు.

మన మనిషికి ఐదో వారం నుంచి ఇలా సరిపోతుంది: తలస్నానం రోజుల్లో ఒకరోజు మందు షాంపూ, ఆ నురగే బొమలకూ ముక్కుకూ. క్రీమ్ వారానికి రెండు రాత్రులు, పాత చోట్లలోనే, అక్కడ ఏమీ కనపడకపోయినా సరే. వేసవిలో అంతా బాగుంటే క్రీమ్ మానేసి షాంపూ ఒక్కటే ఉంచవచ్చు. కార్తీకం వెళ్ళి చలి మొదలవగానే క్రీమ్ మళ్ళీ తీయాలి. చాలామందికి ఇది చలికాలంలోనే రేగుతుంది. పొట్టు మొదటి రేకు కనిపించగానే వారం రోజులు రోజూ రాస్తే చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ముదిరాక అయితే మళ్ళీ నాలుగు వారాలు. ఇలా ఏళ్ళ తరబడి వాడినా కీటోకొనజోల్ క్రీమ్ చర్మాన్ని పలచబరచదు. అదే పేరుతో మింగే మాత్రల సంగతి వేరు. కాలేయానికి ప్రమాదమని 2013లో ఐరోపా మందుల సంస్థ వాటిని నిలిపివేయమంది. ఈ జబ్బుకు ఆ మాత్రలు అడగకండి.

చలితో పాటు దీన్ని రేపే ఇంకో కారణం నిద్రలేమి, మనసు మీది ఒత్తిడి. మన దగ్గర ఈ రెండూ సంక్రాంతికి కలిసొస్తాయి: చలి, ప్రయాణాలు, పందాల బరుల దగ్గర జాగారం, కనుమనాటి ప్రభల తీర్థం. పండగ మానుకోమని నేను చెప్పను, చెప్పినా కోనసీమలో ఎవరూ వినరు. భోగికి వారం ముందు నుంచి క్రీమ్ రోజూ రాసుకోమని మాత్రం చెబుతాను.

ఇక కొబ్బరినూనె. అంబాజీపేట పక్కనే ఉండి నూనె వద్దంటే పోట్లాటకు వస్తారని తెలుసు. కానీ మలసీజియాలో కొన్ని రకాలను ప్రయోగశాలలో పెంచాలంటే వాటి మీద ఆలివ్ నూనె పోయాలి, నూనె లేకుండా అవి పెరగవు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లానికి సూక్ష్మజీవుల్ని అణిచే గుణం కొంత ఉన్న మాట నిజమే. అయితే నూనెలో ఆ ఆమ్లం విడిగా ఉండదు, కొవ్వుగా కట్టుబడి ఉంటుంది, ఆ కొవ్వును తినగలగడమే ఈ ఈస్ట్ ప్రత్యేకత. పొట్టు పొడిగా కనిపిస్తోందని ముక్కు పక్కన నూనె రాస్తే ఆ పూటకు నున్నగా ఉంటుంది, పొట్టు అణిగిపోతుంది, కింద జబ్బు అలాగే ఉంటుంది. తలకు నూనె లేకపోతే తోచనివాళ్ళు తలస్నానానికి గంట ముందు పెట్టుకుని షాంపూతో పూర్తిగా కడిగేయండి. రాత్రి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి అది బొమల మీదికి దిగుతుంది. పథ్యం విషయానికొస్తే, వంకాయ, గుడ్డు, రొయ్య మానితే ఇది తగ్గుతుందని చూపిన ఆధారం లేదు. తినండి.

నాలుగు వారాలకూ కదలకపోతే

సరిగ్గా రాసినా నెలకు ఏ మార్పూ లేకపోతే మందును కాదు, జబ్బు పేరును అనుమానించాలి. పొట్టు దళసరిగా, వెండి రంగులో ఉండి మోచేతుల మీద, మోకాళ్ళ మీద కూడా ఉంటే సోరియాసిస్ కావచ్చు. మచ్చ గుండ్రంగా పెరుగుతూ అంచున పొక్కులు, నడుమ చర్మం మామూలుగా ఉంటే అది తామర. మిశ్రమం క్రీములు రాసిన ముఖం మీద తామర తన ఆకారం పోగొట్టుకుని ఇలాగే కనిపిస్తుంది, చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తేగాని తెలియదు. ఎండలోకి వెళ్ళినప్పుడల్లా రెండు చెంపల మీద, ముక్కు దూలం మీద ఎర్రబడి, ముక్కు పక్క గీతలను మాత్రం వదిలేసే మచ్చ వేరే సంగతి. దానితో కీళ్ళ నొప్పులో జ్వరమో ఉంటే లూపస్ కోసం పరీక్ష చేయించాలి. సెబోరిక్ డెర్మటైటిస్ ఆ గీతలను వదలదు.

ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి ముఖమంతా, రొమ్ము మీద, చంకల్లో విపరీతంగా వచ్చి మందుకు లొంగకపోతే హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవాలి. రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు తొలిగా కనిపించే చర్మ లక్షణాల్లో ఇదొకటి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం, ఫలితాన్ని బయటికి చెప్పరు. అరవై దాటినవాళ్ళకు ఇది కొత్తగా మొదలై, దానితో పాటు చెయ్యి వణకడం, నడక నెమ్మదించడం, ముఖంలో కదలిక తగ్గడం కనిపిస్తే చర్మ వైద్యుడితో పాటు నరాల వైద్యుడికి కూడా చూపించాలి. పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్ళలో ఇది మామూలుకంటే చాలా ఎక్కువ.